వీడియోలో ఇచ్చిన మాట

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన రయాన్ గ్రెపర్ 2013 చివర్లో ఒక ఐస్ పెట్టె కోసం కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగారు. లక్ష్యం 1,25,000 డాలర్లు. లక్ష దాటాయి కానీ లక్ష్యం అందలేదు. అక్కడి నియమం ప్రకారం లక్ష్యం చేరకపోతే పైసా కూడా చేతికి రాదు. ఆయన పెట్టె రూపు మార్చి, 2014 వేసవిలో మళ్లీ వచ్చారు. ఈసారి అడిగింది 50,000 డాలర్లు. వచ్చింది 1.3 కోట్ల డాలర్ల పైమాటే. 62 వేల మందికి పైగా డబ్బు కట్టారు.

సరుకు అదే, మారినవి కాలమూ నమూనా. చలికాలంలో ఐస్ పెట్టె ఎవరికి కావాలి? వీడియోలో మొదట చెప్పే సమస్య, చూసేవాడికి ఆ వారంలో ఎదురవుతున్నదై ఉండాలి. దానికి అర నిమిషం చాలు.

ఆ తర్వాతది నమూనా ప్రదర్శన. ఆ పెట్టె మూతలో ఐస్‌ను నలగ్గొట్టే బ్లెండర్ ఉంది, పక్కన బ్లూటూత్ స్పీకర్, ఫోన్ చార్జర్, లోపల దీపం. అన్నీ పనిచేస్తూ కనబడ్డాయి. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను అసలు వస్తువులా చూపించడాన్ని కిక్‌స్టార్టర్ 2012లోనే నిషేధించింది. ఆ నియమం లేని చోట కూడా ప్రదర్శనను ఒకే షాట్‌లో, కత్తిరింపు లేకుండా తీయమంటాను. వేరుశనగ కాయలు వలిచే యంత్రమైతే కాయలు పోయడం, పిడి తిప్పడం, గింజలు రాలడం, వాటిలో ఎన్ని పగిలాయో పళ్లెంలో పోసి చూపడం వరుసగా కనబడాలి. సరిగ్గా పగిలిన గింజల దగ్గరే షాట్ కోసేస్తే, రైతు ఇట్టే పట్టేస్తాడు.

ఇంతవరకు గ్రెపర్ వీడియో బాగానే ఉంది. దెబ్బ తగిలింది బహుమతి దగ్గర. దాదాపు 185 డాలర్లు కట్టినవారికి ఒక పెట్టె, 2015 ఫిబ్రవరికల్లా అందిస్తామన్నారు. బ్లెండర్ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సమ్మెతో పని ఆగింది. తయారీ, రవాణా ఖర్చులు ముందు వసూలు చేసిన సొమ్మును మించిపోయాయి. కంపెనీ నిలబడడానికి అదే పెట్టెను బయట ఎక్కువ ధరకు అమ్మింది. ముందే కట్టినవాళ్లు ఎదురుచూస్తూ ఉంటే, త్వరగా కావాలంటే మరో 97 డాలర్లు ఇమ్మంది. 2019 డిసెంబరులో కంపెనీ మూతపడేనాటికి సుమారు 20 వేల మందికి పెట్టె రానేలేదు.

ఇది ఎలా జరుగుతుందో మన వేరుశనగ యంత్రం మీద లెక్క వేసి చూద్దాం. బహుమతి ధర 4,000 రూపాయలనుకుందాం. ఒక్కోటి చేయడానికి 2,600, ప్యాకింగూ రవాణా 500, వేదిక కమీషనూ చెల్లింపు చార్జీలూ కలిపి 400. మిగిలేది 500. విడిభాగాలు పోసే అచ్చులకు 6 లక్షలు కావాలంటే 1,200 యంత్రాలకు డబ్బు రావాలి, అంటే లక్ష్యం 48 లక్షలు. ఇప్పుడు ఇనుము ధర పెరిగి ఒక్కో యంత్రానికి 300 అదనమైతే మిగిలేది 200. అదే 1,200 మంది దగ్గర 2.4 లక్షలే తేలుతుంది, అచ్చుల ఖర్చులో 3.6 లక్షలు తరుగు. ఖర్చే ధరను మించిందంటే, జనం ఎంత ఎక్కువగా వస్తే నష్టం అంత పెద్దది. గ్రెపర్‌కు జరిగింది అదే.

అందుకే బహుమతుల భాగంలో నాలుగు మాటలు నోటితోనే చెప్పాలి: ఏమిస్తారు, రవాణా ఖర్చు ఎవరిది, ఏ నెలలో, ఎన్ని మాత్రమే. చేయగలిగినన్నే పెట్టి, అక్కడితో ఆపేయాలి. అడిగేవాడు అంకె చిన్నదిగా చెబితే జనం వస్తారనుకుంటాడు. వస్తారు కూడా, కానీ ఆ అంకెతో పని పూర్తికాదు.

చివరి అభ్యర్థనకు సంగీతం అక్కర్లేదు. కెమెరా వైపు చూసి ఇలా అంటే చాలు: “ఇప్పటికి మేము చేసినవి మూడు యంత్రాలే. వందలో ఎన్ని గింజలు పగులుతున్నాయో మీరే చూశారు, ఇంకా తగ్గించాలి. మీరిచ్చే డబ్బు ముందుగా అచ్చులకు వెళుతుంది. ఆలస్యమైతే ఎందుకైందో నెలనెలా రాస్తాం. నమ్మకం కుదిరితే సాయం చేయండి.”

మీరు డబ్బు కట్టేవైపు ఉంటే, ఇలాంటి వీడియో చూసినప్పుడు బహుమతి ధరలో రవాణా కలిసి ఉందా, తయారీ ఖర్చు ఎంతని చెప్పారా అని ముందు చూడండి. చెప్పకపోతే అడగండి. జవాబు వచ్చాకే కట్టండి.