గల్లా తక్కువైతే ముందు క్యూఆర్ చూడండి

ఒకప్పుడు కిరాణా కొట్టు మూసేటప్పుడు గల్లాపెట్టె ఒక్కటి లెక్కపెడితే సరిపోయేది. 2016లో యూపీఐ వచ్చాక ఆ సుఖం పోయింది. ఇప్పుడు ఒకే కౌంటర్‌కి డబ్బు మూడు దారుల్లో వస్తోంది. నోట్లు గల్లాలో పడతాయి, కార్డు డబ్బు స్వైపింగ్ మిషన్ మీదుగా, స్కాన్ చేసిన డబ్బు ఫోన్ మీదుగా బ్యాంకుకి వెళ్తాయి. మామూలు దుకాణాల్లో బిల్లింగ్ కంప్యూటర్‌కి ఈ మూడింటిలో ఏదీ కనిపించదు. క్యాషియర్ ‘క్యాష్’ అని నొక్కితే క్యాష్ అనీ, ‘యూపీఐ’ అని నొక్కితే యూపీఐ అనీ రాసుకుంటుంది, అంతే. షిఫ్టు చివర చేసే పనంతా కంప్యూటర్ రాసుకున్నదీ నిజంగా వచ్చిందీ ఒకటేనా అని చూడడమే.

ఒక చిన్న సూపర్ మార్కెట్ కౌంటర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. క్యాషియర్ మధ్యాహ్నం రెండింటికి కూర్చుంది, రాత్రి పదింటికి లేవాలి. కూర్చునేటప్పుడు చిల్లర కోసం ఓనర్ 3,000 రూపాయలు ఇచ్చాడు. ఇది అమ్మకం కాదు, ఓపెనింగ్ క్యాష్. సాయంత్రం గల్లాలో నోట్లు పేరుకున్నాయని 10,000 తీసి బీరువాలో పెట్టి, చీటీ మీద ఇద్దరూ సంతకం చేశారు. పాల వ్యాన్‌ వాడికి గల్లాలోంచే 1,150 ఇచ్చి వోచర్ రాసుకుంది.

ఇక లెక్క. మొదటి నియమం ఏమిటంటే, కంప్యూటర్ ఎంత చూపిస్తోందో చూడకముందే నోట్లు లెక్కపెట్టాలి. ఎంత రావాలో ముందే తెలిస్తే చెయ్యి ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. తక్కువొస్తే మళ్లీ లెక్కపెడతాం కానీ, సరిపోతే రెండోసారి ముట్టుకోం. నోట్లను రకాల వారీగా వేరుచేసి, ఒక్కోటి ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి. ఆ రాత్రి ఆమె రాసుకున్నది ఇదీ: అయిదొందలవి 14, రెండొందలవి 9, వందలు 22, యాభైలు 11, ఇరవైలు 17, పదులు 42, నాణేలన్నీ కలిపి 340 రూపాయలు. మొత్తం 12,650.

ఇప్పుడు కంప్యూటర్‌లో షిఫ్టు రిపోర్టు తీసింది. అమ్మకం మొత్తం 48,350. అందులో క్యాష్ 21,640, కార్డు 8,460, క్యూఆర్ 18,250. గల్లాలో ఉండాల్సింది ఎంతో దీన్నుంచి తేల్చాలి. ఓపెనింగ్ 3,000కి క్యాష్ అమ్మకం 21,640 కలిపి, బీరువాకి వెళ్లిన 10,000, పాలకిచ్చిన 1,150 తీసేస్తే 13,490. ఉన్నది 12,650. తేడా 840 తక్కువ.

చాలా చోట్ల ఇక్కడే గొడవ మొదలవుతుంది. ‘840 నువ్వే కట్టు’ అంటాడు ఓనర్, జీతంలో కోసేస్తాడు. అది తప్పు. మిగతా రెండు దారులూ చూడకుండా గల్లాలో డబ్బు పోయిందని ఎవరూ చెప్పలేరు.

స్వైపింగ్ మిషన్‌లో ఆ షిఫ్టు మొత్తం ప్రింట్ తీసింది. 8,460, సరిపోయింది. ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మిషన్‌లో సెటిల్‌మెంట్ కొట్టక ముందే వివరంగా ఒక ప్రింట్ తీసి పెట్టుకోవాలి, సెటిల్‌మెంట్ అయ్యాక ఆ బ్యాచ్ ఖాళీ అయిపోతుంది. రెండోది, మర్నాడు బ్యాంకులో పడే మొత్తంతో ఈ అంకెని పోల్చకూడదు. బ్యాంకు చాలా కార్డులకి తన రుసుము కోసుకుని వేస్తుంది కాబట్టి అది సాధారణంగా కాస్త తక్కువే ఉంటుంది.

తర్వాత క్యూఆర్. వ్యాపారి యాప్‌ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఒక రోజుగా చూపిస్తుంది. షిఫ్టు మాత్రం రెండింటి నుంచి పదింటి దాకా. పొద్దుటి షిఫ్టు డబ్బు కలవకుండా ఆ వేళల మధ్య వచ్చినవే కూడాలి. రెండు కౌంటర్లకీ ఒకే స్టిక్కర్ అతికిస్తే ఏ డబ్బు ఎవరిదో తేల్చడం దాదాపు అసాధ్యం, కౌంటర్‌కి ఒక క్యూఆర్ ఉండి తీరాలి. ఆమె కూడితే 18,890 వచ్చింది. బిల్లింగ్‌లో ఉన్నది 18,250. అంటే 640 ఎక్కువ.

గల్లాలో తక్కువ, క్యూఆర్‌లో ఎక్కువ. ఈ జంట కనిపించిందంటే డబ్బు పోలేదు, దారి మారింది. రెండు జాబితాలనూ వేళల ప్రకారం పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది. 7.42కి యాప్‌లో 640 వచ్చింది, ఆ మొత్తానికి బిల్లింగ్‌లో యూపీఐ బిల్లు లేదు. 7.41కి 640కే ఒక బిల్లు ఉంది, క్యాష్ కింద. కొనుగోలుదారు డబ్బులిస్తానని చెప్పి, జేబులో చూసుకుని, చివరికి స్కాన్ చేశాడు. అప్పటికే క్యాష్ మీట నొక్కేశారు. దీనికి బిల్లు రద్దు చేయనక్కర్లేదు, ఓనర్ అనుమతితో చెల్లింపు విధం మారిస్తే చాలు. క్యాష్ అమ్మకం 21,000కి తగ్గింది, క్యూఆర్ 18,890కి పెరిగింది, మొత్తం 48,350 అలాగే ఉంది. గల్లాలో ఇంకా 200 తక్కువ.

మరో దారిలో ఎక్కువ లేదు కాబట్టి ఈ 200 నిజంగానే గల్లాలోంచి బయటికి వెళ్లింది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘చీటీ లేకుండా ఎవరికైనా ఇచ్చామా?’ అని. బియ్యం బస్తాలు దించిన హమాలీకి 180 ఇచ్చిన సంగతి గోడౌన్ కుర్రాడు గుర్తుచేశాడు. వోచర్ రాసి ఓనర్ సంతకం పెట్టాడు. మిగిలింది 20. ఎక్కడ పోయిందో తేలలేదు. రిజిస్టర్‌లో ‘తక్కువ 20’ అని రాశారు.

తేడా ఎంతో చూస్తే కారణం ఎక్కడ వెతకాలో ఒక్కోసారి తెలుస్తుంది. సరిగ్గా 300 తక్కువైతే రెండొందల నోటు బదులు అయిదొందలది ఇచ్చి ఉండొచ్చు. క్యూఆర్‌లోనో కార్డులోనో వచ్చిన తేడా 9తో శేషం లేకుండా భాగమైతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 645 బిల్లుకి 654 కొడితే తేడా 9, 450 బదులు 540 కొడితే 90. స్టిక్కర్ క్యూఆర్‌లో మొత్తాన్ని కొనుగోలుదారే టైప్ చేస్తాడు కాబట్టి ఈ పొరపాటు అక్కడ ఎక్కువ.

క్యూఆర్ తక్కువై, గల్లాలో ఎక్కువ లేకపోతే మాత్రం జాగ్రత్తపడాలి. డబ్బు అందకుండానే సరుకు వెళ్లిందన్నమాట. చెల్లింపు మధ్యలో ఆగి ఉండొచ్చు, లేదా ఎవరో నకిలీ స్క్రీన్ చూపించి వెళ్లి ఉండొచ్చు. ఎదుటివారి ఫోన్‌లో పచ్చటి టిక్కు రుజువు కాదు. దుకాణం యాప్‌లో ఆ మొత్తం, దాని పన్నెండంకెల లావాదేవీ నంబరు కనబడితేనే రుజువు. తర్వాత ఎవరైనా ‘కట్టాను’ అని వస్తే ఆ నంబరే అడగాలి.

గల్లాలో డబ్బు ఎక్కువైతే చాలామంది సంతోషిస్తారు. నిజానికి తక్కువ కంటే అదే ఎక్కువ అనుమానించాల్సిన సంగతి. మరో దారిలో అంత తక్కువ ఉంటే మీట పొరపాటు. లేకపోతే ఎవరికో చిల్లర ఎగవేసినట్టు, లేదా బిల్లు కొట్టకుండా సరుకు అమ్మినట్టు. రెండోది నెలాఖరున స్టాకు లెక్కలో బయటపడుతుంది, అప్పటికి ఏ రోజు జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

అందుకే తక్కువనీ ఎక్కువనీ ఏ రోజుది ఆ రోజు ఉన్నదున్నట్టు రాయాలి. తక్కువైన ప్రతి రూపాయీ జీతంలో కోస్తే, క్యాషియర్ ఎక్కువొచ్చిన రోజు ఆ డబ్బు పక్కన దాచి, తక్కువైన రోజు వేసి సరిచేస్తుంది. అప్పుడు రిజిస్టర్‌లో అన్ని రోజులూ సున్నాలే కనిపిస్తాయి, దాంతో దేన్నీ కనిపెట్టలేం. తేడాలు నిజాయితీగా రాస్తే మాత్రం నెల తిరిగేసరికి ఒక తీరు కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు క్యాషియర్లున్న చోట అప్పుడప్పుడూ పదీ ఇరవై అటూ ఇటూ వస్తుంటే అది చిల్లర పొరపాటు. ఒకే షిఫ్టులో, ఒకే వైపు, మళ్లీ మళ్లీ వందలు తగ్గుతుంటే కూర్చుని మాట్లాడాల్సిన విషయం.