వాక్యాన్ని రెండేసి ముక్కలుగా

‘సీత పెద్ద పండు తింది’ అన్న వాక్యం మనకు విన్న క్షణంలోనే అర్థమవుతుంది. కంప్యూటర్‌కు మాత్రం ముందుగా సూత్రాలు రాసివ్వాలి. ఈ ఒక్క వాక్యానికి సరిపడా చిన్న వ్యాకరణం రాసుకుందాం. ఇందులో నిలువు గీతకు ‘లేదా’ అని అర్థం. ε అంటే ఖాళీ.

```
వాక్యం → కర్త కర్మ క్రియ
కర్త → పేరు | ε
కర్మ → పేరు
పేరు → సీత | పండు | పెద్ద పేరు
క్రియ → తింది
```

కర్తకు ఖాళీ ఎందుకు? ‘సీత ఏం చేసింది?’ అని అడిగితే ‘పండు తింది’ అంటాం. తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలే కదా.

మనిషి చదువుకోవడానికి ఈ సూత్రాలు హాయిగా ఉన్నాయి. యంత్రానికి మాత్రం చిక్కు: ఒకచోట మూడు ముక్కలు, ఒకచోట ఒకటి, ఇంకోచోట ఏమీ లేదు. భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1959లో చూపిన రూపంలో ఈ తేడాలుండవు. ప్రతి సూత్రానికీ కుడివైపు రెండు వర్గాల పేర్లైనా ఉండాలి, ఒక్క మాటైనా ఉండాలి. దీన్నే చామ్‌స్కీ నార్మల్ ఫారం అంటారు.

మన వ్యాకరణాన్ని అందులోకి మారుద్దాం. ‘పెద్ద పేరు’లో మాట, వర్గం కలిసిపోయాయి. ‘పెద్ద’కు విశేషణం అని ఒక వర్గం పెడితే అది ‘విశేషణం పేరు’ అవుతుంది. తర్వాత మూడు ముక్కల సూత్రాన్ని విరవాలి. ‘మిగతా’ అని కొత్త పేరు కల్పించి, వాక్యం అంటే ‘కర్త మిగతా’ అనీ, మిగతా అంటే ‘కర్మ క్రియ’ అనీ రాస్తాం.

ఇప్పుడు ఖాళీని తీసేయాలి. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. ε కొట్టేసి ఊరుకుంటే ‘పండు తింది’ అన్న వాక్యాన్ని వ్యాకరణం ఒప్పుకోదు. కర్త లేని వాక్యానికి విడిగా ఒక సూత్రం చేర్చాలి: వాక్యం → మిగతా. మార్పుకు ముందూ తర్వాతా చిన్నచిన్న వాక్యాలు ఇచ్చి చూస్తే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది.

పొడవు సూత్రాలను విరిచాకే ఖాళీలు తీయాలి. పది వర్గాలున్న సూత్రంలో పదీ ఖాళీ కాగలిగితే, ఏది ఉంది, ఏది లేదు అన్న లెక్కకు వెయ్యికి పైగా సూత్రాలు పుట్టుకొస్తాయి. ముందే విరిస్తే ఒక్కో సూత్రంలో చూడాల్సినవి రెండే.

చివరగా, ఒక వర్గం ఇంకో వర్గాన్ని మాత్రమే చూపే సూత్రాలు మిగులుతాయి. ‘కర్త → పేరు’ అలాంటిది. దాని బదులు పేరుకున్న సూత్రాలన్నీ కర్తకే రాస్తాం.

```
వాక్యం → కర్త మిగతా | కర్మ క్రియ
మిగతా → కర్మ క్రియ
కర్త → విశేషణం పేరు | సీత | పండు
కర్మ → విశేషణం పేరు | సీత | పండు
పేరు → విశేషణం పేరు | సీత | పండు
విశేషణం → పెద్ద
క్రియ → తింది
```

వ్యాకరణం పెద్దదైంది, చూడటానికి వికారంగానూ ఉంది. అయినా లాభం ఉంది. ఇప్పుడు ఒకటికి మించి మాటలున్న ఏ భాగాన్నైనా సరిగ్గా ఒక్కచోట విరిస్తే చాలు. కాక్, యంగర్, కసామి 1960ల్లో ఎవరికి వారుగా కనుక్కొన్న పద్ధతికి ఆధారం ఇదే. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దాన్ని సీవైకే అంటారు.

మన నాలుగు మాటల మీద చేసి చూద్దాం. ముందు విడి మాటలు: ‘సీత’, ‘పండు’ రెండూ కర్త, కర్మ, పేరు మూడూ కాగలవు. ‘పెద్ద’ విశేషణం, ‘తింది’ క్రియ. తర్వాత జంటలు: ‘సీత పెద్ద’కు ఏ సూత్రమూ సరిపడదు, ఖాళీ గడి. ‘పెద్ద పండు’ మళ్లీ కర్త, కర్మ, పేరు అవుతుంది. మూడేసి మాటల్లో ‘పెద్ద పండు తింది’ని ‘పెద్ద’ తర్వాత విరిస్తే కుదరదు, ‘పండు’ తర్వాత విరిస్తే కర్మ, క్రియ దొరికి మిగతా అవుతుంది. ఇక ‘సీత’ కర్త, ఆ తర్వాతదంతా మిగతా. వాక్యం కుదిరింది. మొత్తం 10 గడులు, విరిచి చూసింది 10 చోట్ల.

ఇరవై మాటల వాక్యమైతే 1,330 చోట్ల విరిచి చూస్తే సరిపోతుంది. అదే గడులు లేకుండా, రెండేసిగా విరిచే తీరులన్నీ ఒక్కొక్కటిగా గీసుకుంటూ పోతే 176 కోట్లు దాటతాయి. ‘పెద్ద పండు’ ఏమిటో ఒక్కసారి తేల్చి గడిలో రాసుకోవడం వల్లే ఇంత తేడా. అయినా మాటలు రెట్టింపైతే పని సుమారు ఎనిమిది రెట్లవుతుంది.

వాక్యం కుదిరిందని తెలిశాక దాని చెట్టు గీస్తే, అందులో మనం కల్పించిన ‘మిగతా’ కనిపిస్తుంది. అది మన మొదటి వ్యాకరణంలో లేని కొమ్మ. అందుకే ఏ కొత్త పేరు ఏ పాత సూత్రం నుంచి వచ్చిందో మార్చేటప్పుడే రాసిపెట్టుకోవాలి. అప్పుడు ‘మిగతా’ను తీసేసి కర్మనూ క్రియనూ తిరిగి వాక్యం కిందే తగిలించవచ్చు.