నుమాయిష్ స్టాల్ నుంచి గంట గంటకూ కబురు

హైదరాబాద్ నాంపల్లి మైదానంలో సాధారణంగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్‌కు 1938 నుంచి చరిత్ర ఉంది. మొదట పబ్లిక్ గార్డెన్స్‌లో జరిగేది. 1946లో ఇప్పటి చోటికి మారింది. అప్పట్లో స్టాల్‌లోకి ఏ సరుకు వచ్చిందో తెలియాలంటే స్వయంగా వెళ్లి చూడాల్సిందే. ఇప్పుడు స్టాల్ వాళ్లే ఫొటో తీసి, కింద నాలుగు మాటలు రాసి ఫోన్‌లో పెట్టేస్తున్నారు. చాలామంది ఫొటో మీద పెట్టిన శ్రద్ధ ఆ నాలుగు మాటల మీద పెట్టరు. కొనేవాళ్లు ఇంట్లోంచి కదలాలా వద్దా అనేది తేల్చుకునేది ఆ మాటలు చూసే.

పోచంపల్లి నుంచి ఇక్కత్ చీరలు తెచ్చిన ఒక కుటుంబం స్టాల్ పెట్టిందనుకుందాం. తమ్ముడు చీరలు విప్పి చూపిస్తుంటాడు, అక్క బిల్లు రాస్తూ మధ్యమధ్యలో ఫోన్ పట్టుకుంటుంది. శనివారం సాయంత్రం ఏడు దాటాక జనం ఒకరినొకరు తోసుకుంటూ వస్తుంటారు. "అక్కా, వంగపండు రంగు సీకో మడత విప్పాను, ఫొటో తీసి పెట్టెయ్" అంటాడు తమ్ముడు. ఆమె 7:10కి ఫొటో తీసి, "ఇప్పుడే వచ్చింది! త్వరపడండి!!" అని రాసి పంపుతుంది. అంత జనంలో నెట్‌వర్క్ అందదు. ఫొటో పైకి ఎక్కేసరికి 8:05 అవుతుంది. ఈలోగా ఆ చీర అమ్ముడైపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకావిడ ఆ పోస్టు చూసి, మెట్రో ఎక్కి గాంధీభవన్ స్టేషన్‌లో దిగి, జనంలోంచి దారి చేసుకుని తొమ్మిదింటికి స్టాల్‌కు చేరుతుంది. చీర లేదు. అబద్ధం ఎవరూ చెప్పలేదు, కానీ ఆవిడ మళ్లీ ఆ స్టాల్ పోస్టు నమ్మదు.

ఇక్కడ తప్పంతా "ఇప్పుడే" అన్న మాటది. పోస్టులు మనం పెట్టిన వరసలో జనానికి కనిపించవు. ఇన్‌స్టాగ్రామ్ తనకు తోచిన వరసలో చూపిస్తుంది. పొద్దుటి పోస్టు కొందరికి రాత్రి కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఒకరు ఇంకొకరికి పంపితే, పక్కన పడేది పంపిన సమయమే కానీ ఫొటో తీసిన సమయం కాదు. అందుకే ప్రతి క్యాప్షన్ ముందూ వెనకా లేకుండా ఒంటరిగా చదివినా పూర్తిగా అర్థం కావాలి. ఒకే మూసలో రాయమని పట్టుబట్టేది ఇందుకే.

మూస చిన్నదిగా ఉండాలి. తేదీ, సమయం, సరుకు, దాని స్థితి, ధర, స్టాల్ చోటు, చివర ట్యాగులు. ఆ అక్క క్యాప్షన్ ఇలా ఉంటే సరిపోయేది:

10 జనవరి, రాత్రి 7:10 | సీకో ఇక్కత్ చీర, వంగపండు రంగు | ఒకటే ఉంది | రూ. 3,200 | గాంధీభవన్ గేటు వైపు, స్టాల్ 412
#Numaish2026 #PochampallyIkat #Maggam412

సమయం ముందే ఎందుకంటే, పొడుగు క్యాప్షన్‌లో మొదటి ముక్కే కనిపించి మిగిలింది నొక్కితేనే తెరుచుకుంటుంది. రాసేది ఫొటో తీసిన సమయం, పోస్టు ఎక్కిన సమయం కాదు. పైకి ఎక్కడానికి గంట పట్టినా చదివేవాళ్లు లెక్క చూసుకుంటారు. "7:10కి ఒకటే ఉందట, ఇప్పుడు ఎనిమిది దాటింది, ఒకసారి ఫోన్ చేసి వెళ్దాం" అనుకుంటారు. రంగు మాటల్లో రాయడం కూడా అలంకారం కోసం కాదు. స్టాల్‌లోని పసుప్పచ్చ లైట్ల కింద వంగపండు రంగు మెరూన్‌లా, నెమలికంఠం రంగు నల్లగా పడుతుంది. ఫొటో తప్పు చెప్పినచోట మాటే నిజం చెప్పాలి. ఇక గేటు పేరు. నుమాయిష్‌కు అజంతా గేటు, గాంధీభవన్ గేటు, గోషామహల్ గేటు ఉన్నాయి. ఏ గేటు వైపో చెప్పకుండా స్టాల్ నంబరు మాత్రమే ఇస్తే మనిషి మైదానమంతా తిరగాల్సిందే.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం స్థితి చెప్పే మాట. దానికి నాలుగు మాటలే పెట్టుకోవాలి: వచ్చింది, ఉంది, ఒకటే ఉంది, అయిపోయింది. ఒకసారి "సోల్డ్", ఇంకోసారి "స్టాక్ లేదు", మరోసారి చేతులు జోడించిన బొమ్మ పెడితే చదివేవాళ్లు ఊహించుకోవాలి. పైగా రాత్రి స్టాల్ వాళ్లే వాట్సాప్ గ్రూపులో "అయిపోయింది" అని వెతికితే ఆ రోజు ఏవేవి ఖాళీ అయ్యాయో వరసగా వచ్చేస్తాయి. దాన్ని బిల్లు పుస్తకంతో సరిచూసుకుంటే, రేపు పోచంపల్లి నుంచి ఏం తెప్పించాలో పది నిమిషాల్లో తేలుతుంది. పది రకాలుగా రాసి ఉంటే ఆ వెతుకులాట పనికిరాదు.

ట్యాగుల దగ్గరా ఇంతే. ఒక సమావేశానికి వచ్చినవాళ్ల మాటలన్నీ ఒకచోట చేర్చడానికే 2007లో క్రిస్ మెస్సినా ట్విట్టర్‌లో ఈ # గుర్తు వాడదామని ప్రతిపాదించాడు. స్టాల్‌కు మూడు చాలు: ప్రదర్శనది ఒకటి, సరుకుది ఒకటి, సొంత స్టాల్‌ది ఒకటి. మొదటిదాంట్లో సంవత్సరం ఉండాలి, లేకపోతే పోయినేడు చీర చూసి ఈ ఏడు వెతుక్కుంటూ వస్తారు. ట్యాగు మధ్యలో ఖాళీ వదిలినా, అడ్డగీత పెట్టినా అది అక్కడే తెగిపోతుంది. #Pochampally-Ikat అని కొడితే #Pochampally మాత్రమే ట్యాగవుతుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పర్వాలేదు. అక్షరం తప్పితే మాత్రం పోస్టు వేరే కుప్పలో పడుతుంది.

తెలుగులో ట్యాగు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. #ఇక్కత్ లాంటి పొల్లుతో ముగిసే మాట కొట్టినప్పుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి. అక్క ఫోన్‌లో ఆ గుర్తు ఉండి, తమ్ముడి ఫోన్‌లో లేకపోతే చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి కానీ ఫోన్ లెక్కలో అవి వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది రాకపోవచ్చు. అందుకే తెలుగు ట్యాగుకు #చేనేత, #చీర లాంటి పొల్లు లేని మాటలు ఎంచుకోవడం మేలు. లేదా ఇద్దరూ ఒకేచోటి నుంచి కాపీ చేసుకోవాలి. పెట్టాక ట్యాగు మీద ఒకసారి నొక్కి చూస్తే పొద్దుటి పోస్టులు వస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. అకౌంట్ ప్రైవేటుగా ఉంటే ఎన్ని ట్యాగులు పెట్టినా బయటివాళ్లకు కనిపించవు.

ఇంత రద్దీలో ఇదంతా ఎవరు కొడతారని అడగొచ్చు. కొట్టక్కర్లేదు. ఫోన్ కీబోర్డు సెట్టింగుల్లో షార్ట్‌కట్ పెట్టుకునే వీలుంటుంది. nm అని కొడితే గేటు, స్టాల్ నంబరు, మూడు ట్యాగులు వాటంతటవే వచ్చి కూర్చునేలా ముందురోజే చేసిపెట్టుకోవచ్చు. అప్పుడు చేత్తో కొట్టాల్సింది తేదీ, సమయం, సరుకు, స్థితి, ధర మాత్రమే.

ధర తప్పు పడితే పోస్టు తీసేయకూడదు. అప్పటికే దాన్ని ఎవరికో పంపినవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర పాత ధర అలాగే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ దిద్ది, మొదట్లోనే "సవరణ 7:40" అని రాయాలి. వాట్సాప్‌లో పంపిన మాట దిద్దడానికి 15 నిమిషాలే గడువు, అది దాటితే అదే మూసలో కొత్తది పంపాలి. ఆ వంగపండు చీరకు కూడా అంతే. పోస్టు పైకి ఎక్కిన వెంటనే అందులో "ఒకటే ఉంది" తీసి "అయిపోయింది, 7:35" అని మార్చి ఉంటే దిల్‌సుఖ్‌నగర్ ఆవిడ రైలు ఎక్కేది కాదు. కొత్త పోస్టులు పెట్టడం కన్నా పాతవి దిద్దడం ముందు చేయాల్సిన పని. చేతికి ఒక్క నిమిషమే చిక్కితే ఆ నిమిషం దానికే పెట్టండి.

ఈసారి స్టాల్ పెట్టేవాళ్లు ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని ఆ నాలుగు స్థితి మాటలు, మూడు ట్యాగులు ఒక కాగితం మీద రాసి క్యాష్ డబ్బా మూత లోపల అంటించండి. సాయంత్రం మీ బదులు ఫోన్ పట్టుకునే మనిషి ఎవరైనా అదే చూసి కొడతారు.