ఒకటో తరగతికి ఏ బోర్డు?

పాపను ఒకటో తరగతిలో చేర్చబోతున్న ఇంట్లో ఇప్పుడు వినిపించే మొదటి ప్రశ్న ఇదే. స్టేట్ సిలబస్సా, సీబీఎస్ఈయా, ఇంటర్నేషనలా? అయితే అయిదో తరగతి దాకా ఏ బోర్డూ పిల్లలకు పబ్లిక్ పరీక్ష పెట్టదు. మన రాష్ట్రాల ఎస్సెస్సీ బోర్డు పదో తరగతికి పెడుతుంది, ఇంటర్ బోర్డు ఆ తర్వాతి రెండేళ్లకు. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బోర్డులు కూడా 10, 12 తరగతులకే పెడతాయి. కేంబ్రిడ్జ్ వారి ఐజీసీఎస్ఈ పది స్థాయిది, ఐబీ డిప్లొమా ఇంటర్ స్థాయిది. కాబట్టి ఆరేళ్ల బిడ్డకు మీరు ఎంచుకుంటున్నది ఒక బడిని, అందులోని టీచర్లను, వాళ్లు వాడే పుస్తకాలను. గేటు మీద రాసిన బోర్డు పేరు పాప మీద నేరుగా పనిచేయడానికి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది.

పుస్తకాల సంగతే చూడండి. ఒకటో తరగతి ఎన్‌సీఈఆర్టీ పుస్తకం ధర 65 రూపాయలు. కానీ సీబీఎస్ఈ అని చెప్పే ప్రైవేటు బళ్లు చాలావరకు చిన్న తరగతులకు ప్రైవేటు ప్రచురణకర్తల సెట్లు కొనిపిస్తాయి. వాటికి వేలల్లో అవుతుంది. స్టేట్ సిలబస్ బళ్లలోనూ ఇదే తంతు. సర్కారు పుస్తకం బ్యాగులో ఉంటుంది, పాఠం మాత్రం యాజమాన్యం అచ్చేయించుకున్న ‘టెక్నో’ మెటీరియల్లోంచి నడుస్తుంది. అందుకే సిలబస్ పేరు అడిగి ఊరుకోకుండా, రెండో తరగతి పుస్తకాల జాబితా చేతికిమ్మని అడగండి.

ఐబీ ప్రైమరీ తీరు వేరు. అక్కడ ఒకే పాఠ్యపుస్తకమంటూ ఉండదు. నీళ్లు అన్న అంశం తీసుకుంటే వారాల తరబడి దాని చుట్టూనే లెక్కలు, భాష, సైన్సు నడుస్తాయి. ఇంట్లో ఎన్ని బిందెల నీళ్లు వాడుతున్నారో పిల్లలు కొలుస్తారు, పట్టిక గీస్తారు, వాచ్‌మన్‌ను ప్రశ్నలడుగుతారు. మంచి టీచరు చేతిలో ఇది గొప్ప చదువే. ఆ టీచరు మధ్యలో మానేస్తే మాత్రం చార్టులు మిగులుతాయి, ఎక్కాలు మిగలవు. మార్కులు ఉండవు గనుక లోటు ఎక్కడుందో తల్లిదండ్రులకు ఆలస్యంగా తెలుస్తుంది. తరచి చూడాలంటే మూడో తరగతి పిల్లవాడికి 52లోంచి 27 తీసేయమని ఇచ్చి, ఎలా చేశావో చెప్పమనండి.

ఒత్తిడి కూడా బోర్డుతో రాదు. బ్యాగు బరువు ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర దాటకూడదని, ప్రైమరీ పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే జీవో ఇచ్చింది. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే లేదు, మూడు నుంచి అయిదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. ఈ లెక్కన ఏ బోర్డు బడిలోనైనా పిల్లలు హాయిగా ఉండాలి. వాళ్లను నలిపేసేది వారాంతపు పరీక్షలు, ర్యాంకుల పట్టికలు, మూడో తరగతికే మొదలయ్యే ‘ఐఐటీ ఫౌండేషన్’. ఇవి స్టేట్ బళ్లలో ఉన్నాయి, సీబీఎస్ఈ బళ్లలోనూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల బిడ్డకు ర్యాంకు కట్టడం నా దృష్టిలో చదువు కాదు, హింస.

బడిలో నిజంగా ఏం జరుగుతోందో చెప్పేవి నోటుపుస్తకాలు. మూడో తరగతిలో ఏ ముగ్గురు పిల్లల నోట్సయినా అడిగి తిరగేయండి. ప్రతి ప్రశ్నకూ ముగ్గురి జవాబూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటే, బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడమే అక్కడి చదువు. మాటలు వేర్వేరుగా ఉండి, కొన్ని తప్పులుండి, వాటిని టీచరు దిద్దించి మళ్లీ రాయించిన గుర్తులుంటే ఆ బడి నమ్మదగింది. పుస్తకాలు చూపించడానికి ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

ఇక ఫీజు. మొదటి ఏడాదిది చూసి నిర్ణయం తీసుకునేవాళ్లే ఎక్కువ. ఒక లెక్క వేద్దాం. భార్యాభర్తలిద్దరికీ కలిపి నెలకు లక్షా యాభై వేలు చేతికొస్తుంది, అంటే ఏడాదికి 18 లక్షలు. చుట్టుపక్కల స్టేట్ బడి 50 వేలు, సీబీఎస్ఈ లక్షా 20 వేలు, ఇంటర్నేషనల్ 5 లక్షలు అడుగుతున్నాయనుకుందాం. ఫీజు ఏటా పది శాతం పెరిగితే పదేళ్లలో కట్టే మొత్తం వరసగా దాదాపు 8 లక్షలు, 19 లక్షలు, 80 లక్షలు. బస్సు, యూనిఫాం వేరే.

మొత్తం కన్నా జీతంలో దాని వాటా ముఖ్యం. జీతాలు ఏటా ఆరు శాతం పెరిగాయనుకుంటే పాప పదో తరగతికి వచ్చేసరికి ఇంటి ఆదాయం సుమారు 30 లక్షలు, ఇంటర్నేషనల్ ఫీజు దాదాపు 12 లక్షలు. ఒకటో తరగతిలో పావు వంతుకు కాస్త పైన ఉన్న ఖర్చు పదికి నూటికి 39 వంతులవుతుంది. రెండో బిడ్డనూ అక్కడే వేస్తే ఇల్లు నడవదు. ఫీజు కట్టలేక ఆరులోనో ఏడులోనో బడి మార్పించిన పిల్లలకు స్నేహితులు పోతారు, చదివే తీరూ ఒక్కసారిగా మారిపోతుంది. మూడు గంటలు కూర్చుని పరీక్ష రాయడం అలవాటు లేక మొదటి ఏడాది తడబడతారు. పదో తరగతి దాకా ఇద్దరికీ కట్టగలమన్న నమ్మకం లేనివాళ్లు ఆ గేటు దగ్గరికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాతి దారుల విషయంలో మన రాష్ట్రాలకు ఒక ప్రత్యేకత ఉంది. సీబీఎస్ఈలో పది చదివిన పిల్లలు ఇక్కడ చాలామంది ఇంటర్ ఎంపీసీకో బైపీసీకో మారిపోతారు. అంటే పన్నెండేళ్ల చదువు రెండు ముక్కలు. కార్పొరేట్ కాలేజీ, హాస్టలు కలిపి ఆ రెండేళ్లకే లక్షలు కావాలి. ఆ డబ్బు చిన్న తరగతుల్లోనే కరిగించకూడదు. ఎప్‌సెట్‌లో, రాష్ట్ర మెడికల్ సీట్లలో స్థానికత తేలేది చివరి నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి. బోర్డుతో దానికి సంబంధం లేదు.

ఐబీ డిప్లొమా, ఏ లెవెల్స్ మనదేశంలో చెల్లుతాయి. చిక్కంతా క్యాలెండర్‌తో. డిప్లొమా పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మేలో సాగుతాయి, నీట్ మే మొదట్లో పడుతుంది, ఎప్‌సెట్ కూడా ఆ రోజుల్లోనే. పైగా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి తీసుకోవడం డిప్లొమా మామూలు చట్రంలో ఇమడదు, బడి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. విదేశాల్లో డిగ్రీ చేయించాలనుకునే వాళ్లకు ఇవి అడ్డు కావు. డాక్టరు చదువు మనసులో ఉంటే మాత్రం పదో తరగతి తర్వాత దారి మార్చక తప్పకపోవచ్చు.

బోర్డు మార్చడం ఎనిమిదో తరగతి దాకా తేలిక. తెలంగాణలో 2018 చట్టం వల్ల అన్ని బోర్డుల బళ్లలోనూ తెలుగు తప్పనిసరి గనుక ఆ గండమూ కొంత తగ్గింది. తొమ్మిది నుంచి కష్టమే. సీబీఎస్ఈలో 9, 10 ఒకే రెండేళ్ల కోర్సు. తొమ్మిదిలోనే పేరు నమోదవుతుంది, నేరుగా పదిలో చేరడం మామూలుగా కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి సర్కారు బళ్లను సీబీఎస్ఈకి మార్చి, పిల్లలు ఆ పరీక్షకు సిద్ధంగా లేరంటూ 2024లో వాళ్లను మళ్లీ ఎస్సెస్సీకే మళ్లించారు. ఆ గందరగోళం పడ్డది తొమ్మిది దాటిన పిల్లల మీద.

కాబట్టి ఇంటికి దగ్గరగా, నోటుపుస్తకాలు నచ్చిన బడిలో ఒకటో తరగతికి చేర్చి, బోర్డు లెక్క ఏడో తరగతి చివర్లో మళ్లీ వేయండి. అప్పటికి పాప ఏది ఇష్టపడి చదువుతోందో, మీ చేతిలో ఎంతుందో రెండూ తెలుస్తాయి. సీబీఎస్ఈ వైపు వెళ్లాలనుకుంటే ఆ బడి అఫిలియేషన్ నంబరును బోర్డు వెబ్‌సైట్‌లో వెతకండి. అఫిలియేషన్ లేకుండా ‘సీబీఎస్ఈ కరికులం’ అని రాసుకుని, తొమ్మిదికి వచ్చేసరికి పిల్లల పేర్లు వేరే బడిలో నమోదు చేయించేవాళ్లున్నారు. పాత బడి టీసీలో పాప పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ కూడా ఆధార్‌తో సరిచూసుకోండి. తొమ్మిదిలో నమోదయ్యాక వాటిని దిద్దించడం పెద్ద తిప్పట.