పండక్కి ముందు పాత ఖాతాదారుకు ఒక మెయిల్

గోదావరి జిల్లాలో పూతరేకులు, అరిసెలు చేసి ఊరూరికీ కొరియర్‌లో పంపే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. హైదరాబాద్‌లో ఉండే ఒకావిడ 2023, 2024 సంక్రాంతులకు బెల్లం పూతరేకులు తెప్పించుకున్నారు. 2025లో తెప్పించుకోలేదు. మళ్లీ పండగ వస్తోంది. ఆవిడకు ఏమని రాయాలి?

చాలామంది వ్యాపారులు మూణ్ణెల్లుగా కొననివాళ్లందరినీ మానేసినవాళ్ల కింద లెక్కేస్తారు. పండగకే కొనే మనిషి జులైలో కొనకపోతే మానేసినట్టు కాదు. ఆవిడ అలవాటు ఏడాదికోసారి. ఆ ఒక్కసారీ తప్పినప్పుడే రాయాలి.

రాసేది ఇంతే: ‘నమస్కారమండీ. రెండు సంక్రాంతులకు మా దగ్గర బెల్లం పూతరేకులు తెప్పించుకున్నారు. ఈసారీ చేస్తున్నాం. జనవరి 7లోపు చెబితే భోగికి ముందే మీ ఇంటికి చేరతాయి. కావాలంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి.’ పైన ఆవిడ పేరు, కింద ఇకపై మెయిల్స్ వద్దనుకుంటే నొక్కే లింకు ఉండాలి. ఇది కనీసం రెండు వారాల ముందు వెళ్లాలి. పండగ రోజుల్లో కొరియర్లు ఆలస్యమవుతాయి, భోగి దాటాక అందిన పెట్టె ఎవరికీ అక్కర్లేదు.

ఇష్టమైనది ఏదో తేల్చడానికి చివరి ఆర్డరు ఒక్కటే చూస్తే పొరపాటు పడతాం. అది ఇంకొకరి చిరునామాకు పంపిన కానుక కావచ్చు. కనీసం రెండుసార్లు సొంత ఇంటికి తెప్పించుకున్నదాన్నే ప్రస్తావించాలి. ఏ రోజు ఏ గంటకు కొన్నారో రాస్తే తమను ఎవరో కనిపెడుతున్నట్టు ఉంటుంది.

ఇక ‘మమ్మల్ని మర్చిపోయారా?’, ‘మీరు లేక మా పండగ వెలవెలబోతోంది’ లాంటి మాటలు. ఇంట్లో ఎవరైనా పోతే మన కుటుంబాల్లో చాలామంది ఏడాదిపాటు పండగ చేసుకోరు. ఆవిడ నిరుడు పూతరేకులు తెప్పించుకోకపోవడానికి కారణం అదే అయితే? ఆ ప్రశ్న చదివి ఆవిడ మనసు ఎంత కష్టపడుతుంది! అందుకే ఎందుకు కొనలేదని అడగకూడదు. జవాబు రాకపోతే రెండో మెయిలూ పంపకూడదు. ఆఖరి పెట్టె పొడిపొడిగా చేరిందని ఫిర్యాదు చేసి, దానికి పరిష్కారం దొరకనివాళ్లుంటే వాళ్లను ఈ జాబితాలోంచి తీసేసి, ముందు ఫోన్ చేసి మాట్లాడాలి.

ఇది మర్యాద ఒక్కటే కాదు. విసుగెత్తినవాళ్లు స్పామ్ అని నొక్కేస్తారు. జీమెయిల్ ఆ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటుంది. అంటే వెయ్యి మెయిళ్లకు మూడు. అవి పెరిగితే రోజూ కొనేవాళ్లకు పంపే మెయిళ్లు కూడా స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది.

మెయిల్ పనిచేసిందో లేదో తెలియాలంటే జాబితాలో పదిమందికొకరిని, ఎవరో ఎంచకుండా, పక్కన పెట్టి వాళ్లకు పంపకండి. పండగని వాళ్లలోనూ కొందరు తమంతట తామే వస్తారు. మెయిల్ అందుకున్నవాళ్లలో నూటికి ఎందరు కొన్నారు, అందనివాళ్లలో నూటికి ఎందరు కొన్నారు అని చూడండి. ఆ తేడాయే మెయిల్ తెచ్చిన వ్యాపారం.