అయిదు ముఖాల సగటు: పదో తరగతికి ఒక పాఠం

చాలామంది ముఖాల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అందరి వాటా సమానంగా ఉండేలా కలిపితే వచ్చే ఒకే చిత్రాన్ని కాంపోజిట్ ముఖం అంటారు. అందులో కనిపించే మనిషి ఎక్కడా ఉండడు, అయినా చూసేవారికి నిజం మనిషిలాగే అనిపిస్తాడు. దీన్ని పిల్లల చేత చేయించడానికి ఒక కంప్యూటరు, జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు, అయిదు ఫొటోలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్లు రెండు చాలు. లెక్కల్లో కావలసినవి సగటు, పదో తరగతిలో వచ్చే దూరం సూత్రం మాత్రమే. ఫొటోలు మాత్రం ఇష్టపడి ఇచ్చినవారివే కావాలి. ఈ షరతు మర్యాద కోసం పెట్టింది కాదు. దాని అసలు కారణం రెండో పీరియడులో లెక్క చేస్తేగాని బయటపడదు.

ఈ పద్ధతిని మొదలుపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1878లో ‘నేచర్’ పత్రికలో దాన్ని వివరించాడు. ఎనిమిది ఫొటోలున్నాయనుకుందాం, ఒక్కో ఫొటోకు నకలు తీయడానికి 80 సెకన్ల వెలుగు కావాలనుకుందాం. ఒకే ప్లేటు మీద ఎనిమిదింటినీ వరసగా ఒక్కోటి 10 సెకన్ల చొప్పున పడనిస్తే ప్లేటుకు చేరే మొత్తం వెలుగు అంతే అవుతుంది, ఒక్కో ముఖానికి ఎనిమిదో వంతు వాటా దక్కుతుంది. కళ్లు ఒకే చోట పడేలా ఫొటోలను ముందే సరిచూసి, సూదులకు తగిలించేవాడు.

గాల్టన్ వాడిన ఫొటోల్లో జైలు ఖైదీలవి ఉన్నాయి. జైళ్ల అధికారి ఎడ్మండ్ డు కేన్ వాటిని ఇచ్చాడు. నేరస్తుల ముఖానికి ఒక మూస ఉంటుందనీ, కలిపితే అది తేలుతుందనీ గాల్టన్ ఆశ. జరిగింది వేరు. కలిపినకొద్దీ క్రూరత్వం అనుకున్న గీతలు చెరిగిపోయి మామూలు మనుషుల ముఖాలే మిగిలాయి. ఆ సంగతి ఆయనే రాశాడు. ఇంతా చేసి, మనుషుల్లో మేలుజాతిని పెంచాలనే ‘యూజెనిక్స్’కు 1883లో పేరు పెట్టిందీ ఆయనే. ఆ కాలపు కొలతల పిచ్చి మన దాకా కూడా వచ్చింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిన కులాల వారీగా మనుషుల ముక్కులు, తలలు కొలిపించాడు. అందుకే ఈ పాఠంలో ముఖాలను కులం, మతం, ఊరు, మార్కులు అంటూ గుంపులు కట్టకూడదు. చీటీ తీసి కలపాలి.

అనుమతి పని పాఠానికి వారం ముందే మొదలవుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోగల అనుమతి తీసుకోమంటుంది. కాబట్టి పత్రం మీద తల్లి లేదా తండ్రి సంతకం ఉండాలి, విద్యార్థి ఇష్టం విడిగా ఉండాలి. అమ్మ సరేనన్నా బిడ్డ వద్దంటే వద్దనే లెక్క. పత్రంలో రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి: ఫొటోను తరగతిలో వాడుకోవచ్చా, తయారైన ముఖాన్ని గోడకు అంటించవచ్చా? ఖాళీగా వదిలిన గడికి అర్థం వద్దని. ఫొటో ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, మనసు మారితే ఎవరికి చెప్పాలి అన్న సంగతులు ఇంట్లో చదివి అర్థం చేసుకునేంత తేలిక మాటల్లో ఉండాలి.

పత్రాలు వెనక్కి తెచ్చే తీరులోనూ ఒక చిక్కుంది. సరేనన్నవారే తెచ్చిస్తే మిగిలినవారు ఎవరో తరగతి మొత్తానికి తెలిసిపోతుంది, ఆ మొహమాటానికే కొందరు తలూపుతారు. అందరూ మడిచిన కాగితాన్ని మూత ఉన్న డబ్బాలో వేయాలి, టీచరు ఒక్కరే విప్పి చూడాలి. అయిదుగురు రాకపోతే ఆ లోటును కొండపల్లి బొమ్మ ముఖంతోనో, పిల్లలు గీసిన ముఖంతోనో పూడ్చవచ్చు. లెక్కకు బొమ్మయినా మనిషయినా ఒకటే. ఫొటో ఇవ్వనివారికి కొలతలు, సరిచూత పనులు అప్పజెబితే, నిజానికి పాఠంలో ఎక్కువ లెక్క చేసేది వాళ్లే అవుతారు.

ఫొటోలు తీసేది బడి కెమెరాతో. ఫోనుతో తీయక తప్పకపోతే ముందు క్లౌడుకు తానంతట తాను కాపీ పంపే సెట్టింగును, ఫొటోలో చోటు వివరం నమోదయ్యే సెట్టింగును ఆపేయాలి. కెమెరా ముఖానికి మరీ దగ్గరైతే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరంలో, కళ్ల ఎత్తున స్టాండు మీద పెట్టి అందరినీ ఒకే గీత మీద నిలబెడితే ఆ తేడా రాదు. ట్యూబులైటు కింద కంటే వరండా నీడలో వెలుగు సమానంగా పడుతుంది. నోరు మూసి ఉండాలి, కళ్లజోడు తీయాలి. బొట్టు తీయమనక్కర్లేదు, దానితో తర్వాత పనుంది.

మొదటి పీరియడంతా ముఖాలను ఒక చోటికి తేవడానికే సరిపోతుంది. 600 పిక్సెళ్ల వెడల్పు, 800 ఎత్తు ఉన్న ఖాళీ చిత్రంలో కంటిపాపలకు చోటు ముందే నిర్ణయించాలి: ఒకటి (220, 320) దగ్గర, రెండోది (380, 320) దగ్గర. అంటే పాపల మధ్య దూరం 160. ఇప్పుడొక ఫొటోలో పాపలు (410, 512), (650, 530) దగ్గర ఉన్నాయనుకుందాం. అడ్డంగా తేడా 240, నిలువుగా 18. దూరం సూత్రం ప్రకారం మధ్య దూరం దాదాపు 240.7. దాన్ని 160కి తేవాలంటే ఫొటోను 66.5 శాతానికి కుదించాలి. నిలువు తేడా 18 ఉందంటే తల ఒక పక్కకు వాలిందన్నమాట. ఆ వాలు 4.3 డిగ్రీలు, అంత మేర వెనక్కి తిప్పాలి. ఆ తర్వాత జరిపి పాపలను వాటి చోట్లలో కూర్చోబెట్టాలి. ఈ పని కంటిచూపుతో కానిస్తే తెలిసిపోతుంది: చివరి చిత్రంలో కంటిపాపలు రెండేసి కనిపిస్తాయి.

రెండో పీరియడు కలపడంతో మొదలవుతుంది. అయిదు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పై పొర ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే అంకె ఒపాసిటీ. అయిదుగురికీ సమాన వాటా కావాలంటే ఎంత పెట్టాలని అడిగితే తరగతి ఒక్క గొంతుతో 20 శాతం అంటుంది. అలా పెట్టి చూపించాలి. అన్నింటికంటే అడుగున ఉన్న ముఖమే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పై నాలుగు పొరలూ 20 శాతమే కప్పితే, అడుగు ముఖంలో 0.8ను నాలుగుసార్లు హెచ్చవేసినంత, అంటే దాదాపు 41 శాతం మిగిలిపోతుంది. అన్నీ 50 పెడితే కథ తిరగబడుతుంది, పై ముఖం ఒక్కటే సగం తీసుకుంటుంది. సరైన వరస అడుగు నుంచి పైకి 100, 50, 33.3, 25, 20. కొత్తగా వచ్చి చేరే ప్రతి ముఖం అప్పటికి ఎందరయ్యారో అందులో ఒక వంతే తీసుకుంటుంది.

దీన్ని బల్ల మీద సుద్దతో రుజువు చేయవచ్చు. అయిదు ఫొటోల్లోనూ ఎడమ బుగ్గ మీది ఒకే బిందువు వెలుగు వరసగా 200, 160, 120, 180, 140 అనుకుందాం. మొదటి రెండూ కలిస్తే 180. మూడోది మూడో వంతుగా కలిస్తే 160. నాలుగోది నాలుగో వంతుగా కలిస్తే 165. అయిదోది చేరాక 160. అయిదింటినీ కూడి అయిదుతో భాగించినా అదే 160. పొరల వరస తలకిందులు చేసినా చిత్రం మారకపోతే పని సరిగా జరిగినట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైల్లోని అంకెను కాక అసలు వెలుగును కలుపుతాయి కనుక తెర మీది అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు.

ఇప్పుడు బొట్టు దగ్గరికి రావచ్చు. అయిదుగురిలో ముగ్గురు బొట్టు పెట్టుకుంటే కాంపోజిట్ నుదుటి మీద పూర్తి బొట్టూ ఉండదు, ఖాళీ నుదురూ ఉండదు. ముగ్గురి బొట్లూ ఒకే చోట పడితే 60 శాతం గాఢత ఉన్న మచ్చ, పడకపోతే మూడు పలుచని నీడలు కనిపిస్తాయి. ఒక్కరికే ఉన్న మొటిమ అయిదో వంతుకు పలచబడి కంటికి ఆనదు. సగటు ముఖం నున్నగా, అందంగా అనిపించడానికి సగం కారణం ఇదే. 1990లో జుడిత్ లాంగ్లోయ్, లోరీ రోగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 16, 32 ముఖాలను కలిపిన చిత్రాలకు విడి ముఖాల కంటే అందంలో ఎక్కువ మార్కులు పడుతున్నాయని చూపించారు. ఆ అందంలో సగటు ఆకారం వాటా ఎంత, చర్మం నునుపు వాటా ఎంత అన్న వాదన ఆ తర్వాత నడిచింది. తరగతిలో మాత్రం ఎవరి ముఖం సగటుకు దగ్గర అనే పోటీ పెట్టకపోవడమే మంచిది.

కళ్లు కుదిరినా పెదవులు అలికినట్టు ఉండడం పిల్లలు వెంటనే పట్టేస్తారు. కంటికీ నోటికీ మధ్య దూరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండటమే కారణం. సినిమాల్లో, పరిశోధనల్లో చూసే స్పష్టమైన సగటు ముఖాలకు ఇంకో మెట్టు ఉంది. ప్రతి ముఖం మీద కనుబొమలు, ముక్కు, పెదవులు, దవడ వెంబడి బిందువులు గుర్తిస్తారు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో అవి 68. ఒక్కో బిందువు సగటు స్థానం కట్టి, బిందువులను త్రిభుజాలుగా కలిపి, ప్రతి ఫొటోలోని త్రిభుజాన్ని సగటు త్రిభుజంలోకి సాగదీస్తారు. రంగులు కలిపేది ఆ తర్వాతే. అంటే సగటు రెండుసార్లు తీస్తారు, ముందు ఆకారానికి, తర్వాత రంగుకు.

ఇక అనుమతి ఎందుకన్న లెక్క. అయిదు ముఖాలు కలిశాక ఎవరూ గుర్తుపట్టలేరు కదా, ఇంక దాచడమెందుకని అనిపించవచ్చు. సుద్ద లెక్కనే వెనక్కి నడిపితే సంగతి తెలుస్తుంది. సగటు 160 కనుక మొత్తం 800. మొదటి నలుగురి ఫొటోలు దగ్గరుంటే వాటి మొత్తం 660. తీసేస్తే మిగిలింది 140, అది అయిదో విద్యార్థి బుగ్గ. ప్రతి బిందువుకూ ఇలా చేస్తే ఆ ముఖం పూర్తిగా బయటికొస్తుంది. సగటును పూర్ణాంకానికి సవరించడంలో వచ్చే అరపాయింటు తేడా అయిదు రెట్లయి రెండున్నర పాయింట్ల గరుకుగా కనిపిస్తుంది, గుర్తుపట్టడానికి అదేమీ అడ్డు కాదు. ఇద్దరి కాంపోజిట్ అయితే ఒక్కరి ఫొటో దొరికినా చాలు. ఈ తీసివేతను కొండపల్లి బొమ్మల ఫొటోలతో చేసి చూపించాలి, పిల్లల ముఖాలతో కాదు.

కాబట్టి ఎవరైనా మనసు మార్చుకుంటే కాంపోజిట్ మీద పేరు కొట్టేస్తే సరిపోదు. ఆ పొర తీసేసి మిగిలిన నాలుగింటికీ 100, 50, 33.3, 25 పెట్టి మళ్లీ కలపాలి, పాత చిత్రాన్ని చెరపాలి. ఇందుకోసమే పాఠం ముగిసేదాకా పొరలున్న .xcf ఫైలును ఉంచుకోవాలి. ముగిశాక కెమెరా కార్డులోని ఫొటోలు, కత్తిరించిన నకళ్లు, ఆ .xcf ఫైలు అన్నీ చెరిపేయాలి. చెరిపినవి కంప్యూటరు చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటాయి, దాన్నీ ఖాళీ చేయాలి. గోడకు అంటించడానికి అయిదుగురూ ఒప్పుకుంటేనే కాంపోజిట్ మిగులుతుంది, అదీ కాగితం మీద, తరగతి గది లోపల. తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. చెరిపిన తేదీ వేసి, టీచరు సంతకం చేసి అనుమతి పత్రం నకలును ఇంటికి పంపడంతో పాఠం పూర్తవుతుంది.