నూటికి ఎనిమిదిన్నర రూపాయల పెత్తనం

2008 డిసెంబర్ 16న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ బోర్డు రెండు కంపెనీలను కొనాలని తీర్మానించింది. మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం. ఖర్చు 160 కోట్ల డాలర్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాలతో, రోడ్ల కాంట్రాక్టులతో ఏం పని అన్నది ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న, ఆ రెండూ సత్యం చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన కంపెనీలు కావడం.

కార్పొరేట్ పాలన చదివే విద్యార్థి ఇక్కడ ముందుగా చూడాల్సింది ప్రమోటర్ల వాటా. అప్పటికి సత్యంలో వాళ్ల వాటా సుమారు 8.6 శాతానికి తగ్గిపోయింది. అంటే సత్యం ఖజానా నుంచి వంద రూపాయలు అనవసరంగా బయటికి పోతే వాళ్ల జేబుకు పడే చిల్లు ఎనిమిదిన్నర రూపాయలే. మిగతా తొంభై ఒకటిన్నర మ్యూచువల్ ఫండ్లది, విదేశీ సంస్థలది, పొదుపు డబ్బుతో షేర్లు కొన్న మామూలు జనానిది. అదే వంద రూపాయలు తమకు ఎక్కువ వాటా ఉన్న కంపెనీకి చేరితే, అక్కడ వచ్చే లాభం ఇక్కడ పోయినదాన్ని మించుతుంది. సొమ్ము ఒకరిది, నిర్ణయం మరొకరిది అయినచోట పుట్టే ఈ తేడానే ఏజెన్సీ సమస్య అంటారు. మైకేల్ జెన్సెన్, విలియం మెక్లింగ్ 1976లో రాసిన వ్యాసంలోని వాదన స్థూలంగా ఇదే: యజమాని వాటా తగ్గేకొద్దీ, సంస్థ సొమ్మును సొంతానికి వాడుకోవడం అతనికి చవకవుతూ పోతుంది.

సాధారణంగా అమెరికా పాఠ్యపుస్తకాల్లో మేనేజరు ఒకరు, వాటాదారులు మరొకరు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది పెద్ద వాటా ఉన్న ప్రమోటరుకూ చిన్న వాటాదారులకూ మధ్య పేచీ. సత్యం ఈ రెండింటి మధ్యా ఉంది. కంపెనీని పెట్టినవాళ్లే నడుపుతున్నారు, కానీ వాటా మాత్రం ఉద్యోగి స్థాయికి దిగింది.

ఈ తేడాను అదుపులో పెట్టడానికి వాటాదారులు కాపలా ఖర్చు పెడతారు. స్వతంత్ర డైరెక్టర్లు, ఆడిటర్లు ఆ కాపలావాళ్లే. సత్యం బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి, హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. అర్హతల్లో లోటేమీ లేదు. అయినా తీర్మానం నెగ్గింది. ఎందుకంటే వాళ్ల ముందుకొచ్చే కాగితాలను తయారుచేసేది యాజమాన్యమే. అప్పటి చట్టం ప్రకారం ఈ కొనుగోలును వాటాదారుల ఓటుకు పెట్టాల్సిన అవసరమూ రాలేదు.

అడ్డుపడింది మార్కెట్. న్యూయార్క్‌లో సత్యం షేరు విలువ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది, సంస్థాగత మదుపరులు మండిపడ్డారు. కొన్ని గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది.

అసలు విషయం 2009 జనవరి 7న రాజు లేఖతో బయటపడింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని ఆయనే రాశారు. వాటా తక్కువ కాబట్టి, ఫలితాలు బాగా లేకపోతే ఎవరైనా కంపెనీని చేజిక్కించుకుంటారని, అప్పుడు లెక్కల్లోని గొయ్యి బయటపడుతుందని భయపడ్డామని కూడా అందులో ఉంది. ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. కంపెనీ చేతులు మారుతుందన్న భయం మేనేజర్లను క్రమశిక్షణలో ఉంచుతుందని సిద్ధాంతం చెబుతుంది. ఇక్కడ అదే భయం అబద్ధాన్ని ఇంకా పెంచింది.

మరి ఆడిటర్లు? బ్యాంకులో డబ్బుందో లేదో తేల్చుకోవాలంటే ఆడిటరు నేరుగా బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తనకే తెప్పించుకోవాలి. సత్యంలో ఆ ఉత్తరప్రత్యుత్తరాలను యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చింది. కాపలాకు జీతమైతే ఇచ్చారు, తాళంచెవి మాత్రం కాపలా కాయాల్సినవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీ బోర్డులో మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలంది, ఆడిటర్లను గడువు ప్రకారం మార్చాలంది. ఆ తర్వాత సెబీ నిబంధనలు, సొంతవాళ్ల కంపెనీలతో జరిపే పెద్ద లావాదేవీలకు వాటాదారుల ఆమోదం తప్పనిసరి చేశాయి. అందులో సంబంధం ఉన్నవాళ్లు అనుకూలంగా ఓటు వేయకూడదు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలను బయటపెట్టాలన్న నిబంధన 2009 జనవరిలోనే వచ్చింది. సత్యం ప్రమోటర్ల షేర్లలో చాలాభాగం అప్పుల కింద తాకట్టులో ఉందన్న సంగతి మదుపరులకు ఆలస్యంగా తెలియడమే దానికి కారణం.

అయితే స్వతంత్ర డైరెక్టరును ఎంపిక చేసి సభ ముందుకు తెచ్చేది ఇప్పటికీ బోర్డే. ప్రమోటరు వాటా పెద్దదైనప్పుడు సభలో ఆ నియామకంపై ఆయన ఓట్ల ప్రభావం ఎక్కువగానే ఉంటుంది. అందుకే వార్షిక నివేదిక చేతిలోకి వస్తే డైరెక్టర్ల పేర్ల దగ్గర ఆగిపోకండి. నగదు నిల్వ పక్కన దానిపై వచ్చిన వడ్డీ, ప్రమోటర్ల షేర్లలో తాకట్టులో ఉన్న భాగం, సంబంధిత పార్టీలతో లావాదేవీల పట్టిక, ఈ మూడూ తీసి చూడండి. వందల కోట్ల డిపాజిట్లు చూపిస్తూ వడ్డీ మాత్రం నామమాత్రంగా ఉంటే, ఆ డబ్బు ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో ఉందని సభలో లేచి అడగవచ్చు.